ప్రమోషన్ అడిగే ముందు ఒక పేజీ రాయండి

రాయగడ, గుణుపురం, మునిగుడ, పర్లాకిమిడి వైపు మైక్రోఫైనాన్స్ బ్రాంచిల్లో మన తెలుగు కుర్రాళ్లు ఫీల్డ్ ఆఫీసర్లుగా కనిపిస్తూనే ఉంటారు. ఇంట్లో తెలుగు, అప్పు తీసుకున్న ఆడవాళ్లు వాయిదా కట్టడానికి కూడే సెంటర్ మీటింగులో ఒడియా, కొండ ఊళ్లకెళ్తే కుయిలోనో సవరలోనో నాలుగు మాటలు. పొద్దున్న ఏడింటికి బండెక్కితే సాయంత్రం కలెక్షన్ కట్టి లెక్క చూపించేదాకా దిగరు. మూడు నాలుగేళ్లు ఇలా తిరిగాక అందరి మనసులోనూ ఒకటే ప్రశ్న: అసిస్టెంట్ బ్రాంచ్ మేనేజర్‌ని, అంటే ఏబీఎంని, ఎప్పుడు చేస్తారు?

నేనూ అలా తిరిగినవాణ్నే. ఆరో ఏట ధైర్యం చేసి అప్పటి మేనేజర్ దగ్గరికి వెళ్లి అడిగాను. "సర్, ఆరేళ్లయింది. వానొచ్చినా, ఏరు పొంగినా ఒక్క మీటింగు మానలేదు. నా తర్వాత చేరినవాళ్లు పైకెళ్లిపోయారు." ఆయన అంతా విని, "నువ్వు చెప్పింది నిజమే బాబూ. కానీ పైవాళ్లకి నేనేం రాయమంటావు?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. ఆయన్ని చాన్నాళ్లు తిట్టుకున్నాను. ఇప్పుడు కొన్ని బ్రాంచీలు చూస్తూ, అదే కుర్చీలో కూర్చుని, అదే ప్రశ్న నేనడుగుతున్నాను.

ఎందుకంటే ప్రమోషన్ మీ మేనేజర్ ఒక్కడి చేతిలో ఉండదు. బ్రాంచ్ మేనేజర్ సిఫారసు చేస్తే అది ఏరియా మేనేజర్‌కి, అక్కణ్నుంచి డివిజన్‌కి, హెచ్ఆర్‌కి వెళ్తుంది. భువనేశ్వర్‌లోనో ఇంకెక్కడో కూర్చున్నవాళ్లకి మీ ముఖం తెలియదు. గుడారి దారి ఎలా ఉంటుందో కూడా తెలియదు. వాళ్ల ముందు మీ తరఫున మాట్లాడేది మీ మేనేజర్. ఆయన చేతికి మీరు ఏం ఇస్తారన్నదే అసలు విషయం. ఆ కాగితం ఎలా తయారుచేయాలో గుణుపురం వైపు పనిచేసిన ఒక కుర్రాడి లెక్కలతో చెబుతాను. అంకెలు కొంచెం మార్చాను.

మొదటి పని: పై పోస్టు నుంచి ఏం ఆశిస్తారో కాగితం మీదికి తెచ్చుకోండి

అందరూ చేసే తప్పు ఇక్కడే మొదలవుతుంది. ఇప్పటి పోస్టులో ఎంత బాగా చేశామో చెబుతారు. ఇప్పటి పని బాగా చేస్తే ఇన్సెంటివ్ వస్తుంది, మంచి రేటింగు వస్తుంది. ప్రమోషన్‌కి చూసేది వేరు. పై పోస్టు పని ఇతను ఇప్పటికే కొంత చేస్తున్నాడా లేదా అని చూస్తారు. కాబట్టి కొలబద్ద ఇప్పటి పోస్టుకి మీకిచ్చిన లక్ష్యాలు, అంటే మీ కేఆర్ఏ కాదు, పై పోస్టుది.

అది ఎక్కడ దొరుకుతుంది? కంపెనీలో లోపలి ఖాళీల నోటీసు వచ్చినప్పుడు అందులో అర్హతలు, బాధ్యతలు రాసి ఉంటాయి. అంతకంటే పనికొచ్చే కాగితం ఇంకోటి లేదు. పాత నోటీసైనా సరే, మెయిల్‌లో వెతికి దాచుకోండి. అది దొరక్కపోతే ఇప్పటికే ఆ పోస్టులో ఉన్న అన్ననో అక్కనో అడిగి, వాళ్ల అప్రైజల్ ఫారంలో ఏ ఏ అంశాలుంటాయో కనుక్కోండి. వాళ్ల మార్కులు అడక్కండి, అంశాలు చాలు. అదీ కుదరకపోతే మేనేజర్‌నే అడగండి: "సర్, ఏబీఎంగా చేయాలంటే మీరు ఏవేవి చూస్తారు?" ఈ ప్రశ్నకి కోప్పడే మేనేజర్‌ని నేను ఇంతవరకూ చూడలేదు. పైగా మీ ఉద్దేశం ఆయన చెవిన ముందే పడుతుంది.

గుణుపురం కుర్రాడికి దొరికిన నోటీసులో పదకొండు పాయింట్లున్నాయి. సగం ఒకే మాటని తిప్పి తిప్పి చెప్పినవే. ఇద్దరం కూర్చుని మామూలు తెలుగులోకి మార్చుకుంటే నాలుగే మిగిలాయి. ఒకటి, లోన్లు చెడిపోకుండా చూడటం, చెడిపోయినవి సరిచేయడం. రెండు, కొత్త ఆఫీసర్లకి పని నేర్పి నిలబెట్టడం. మూడు, ఫైళ్లు ఆడిట్‌కి నిలిచేలా ఉంచడం, మేనేజర్ లేని రోజు బ్రాంచి నడపడం. నాలుగు, సాయంత్రం క్యాష్ లెక్క, డే ఎండ్, అంటే ఆ రోజు బ్రాంచి లెక్కలు మూసేయడం.

మీకు కూడా నాలుగైదుకి మించి రాకూడదు. పది వచ్చాయంటే ఇంకా కలిపేవి ఉన్నాయన్నమాట.

రెండో పని: ఒక్కో దానికి ఎదురుగా ఫలితం రాయండి, పని కాదు

"రోజూ నాలుగు సెంటర్లు చేశాను" అన్నది పని. "నిబంధనల ప్రకారమే లోన్లిచ్చాను" అన్నది కూడా ఫలితం కాదు. కుటుంబ ఆదాయం ఏడాదికి 3 లక్షల లోపు ఉండాలని, అన్ని అప్పుల వాయిదాలూ కలిపి నెల ఆదాయంలో సగం దాటకూడదని రిజర్వ్ బ్యాంకు 2022లోనే పెట్టింది. అది పాటించడం ఉద్యోగంలో ఉండటానికి కనీసం. పేజీలో దానికి ఒక లైను కూడా ఖర్చుపెట్టకండి.

ఫలితం అంటే మీరు వచ్చేనాటికి ఎలా ఉంది, ఇప్పుడెలా ఉంది, మధ్యలో మీరు ఏం చేశారు. ఈ మూడూ ఉండాలి. మొదటిది లేకపోతే రెండోది ఎంత గొప్పగా ఉన్నా ఎవరికీ అర్థం కాదు. ఇప్పుడు మా పనిలో అన్నిటికంటే ముఖ్యమైన అంకె తీసుకుందాం, పార్ 30. దీనిమీదే ఎక్కువ సేపు ఉంటాను, ఎందుకంటే ప్రమోషన్ అడిగేవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే.

పార్ 30 అంటే వాయిదా 30 రోజులకి మించి ఆగిపోయిన లోన్లలో మిగిలిన అసలు మొత్తాన్ని, మీ దగ్గరున్న లోన్లన్నిటి అసలుతో భాగించగా వచ్చే శాతం. ఆగిన వాయిదా ఒక్కటే లెక్కలోకి రాదు, ఆ లోనులో మిగిలిన అసలంతా వస్తుంది. ఒకావిడ ఇంకా 18 వేలు కట్టాల్సి ఉండి వాయిదా ఆగి నెల దాటిందనుకోండి, ఆ 18 వేలూ పార్‌లోకి వెళ్లిపోతాయి.

కుర్రాడు 2023 ఏప్రిల్‌లో వేరే ఆఫీసర్ మానేసిన 28 సెంటర్లు తీసుకున్నాడు. అప్పుడు మిగిలిన అసలు 1 కోటి 12 లక్షలు, అందులో పార్‌లో ఉన్నది 6 లక్షల 94 వేలు, అంటే 6.2 శాతం. 2025 మార్చి నాటికి అసలు 1 కోటి 48 లక్షలు, పార్ 3 లక్షల 10 వేలు, అంటే 2.1 శాతం. నా దగ్గరికి తెచ్చిన మొదటి కాగితంలో అతను ఇంతే రాశాడు: "పార్ 6.2 నుంచి 2.1కి తగ్గించాను."

చూడ్డానికి బాగుంది. కానీ పైన కూర్చున్నవాళ్లు ఈ అంకెల్లోనే పుట్టి పెరిగారు. వాళ్లు అడిగే మొదటి ప్రశ్న, "రైటాఫ్ ఎంత?" బాగా పాతబడిపోయిన లోన్లని కంపెనీ పుస్తకాల్లోంచి తీసేస్తుంది కదా, తీసేసిన రోజే పార్ తగ్గిపోతుంది. అందులో ఆఫీసర్ చేసిందేమీ లేదు. రెండో ప్రశ్న, "పోర్ట్‌ఫోలియో ఎంత పెరిగింది?" కొత్త లోన్లు ఎక్కువగా ఇస్తే కింద భాగించే అంకె పెరుగుతుంది, శాతం దానంతటదే తగ్గుతుంది. నిన్న ఇచ్చిన లోను ఇవాళ చెడిపోదు కదా.

అందుకే అడక్కముందే మీరే విప్పి చెప్పండి. అతను కంపెనీ సిస్టంలోంచి వచ్చే ఎంఐఎస్ రిపోర్టు ముందేసుకుని పాత 6 లక్షల 94 వేలు ఏమయ్యాయో ఒక్కో లోనూ చూశాడు. 1 లక్షా 80 వేలు రైటాఫ్ అయింది. 3 లక్షల 40 వేల లోన్లు మళ్లీ వాయిదాల్లో పడ్డాయి లేదా పూర్తిగా తీరిపోయాయి. 1 లక్షా 74 వేలు ఇంకా అలాగే ఉన్నాయి. తను వచ్చాక కొత్తగా చెడిపోయినవి 1 లక్షా 36 వేలు. ఈ చివరి రెండూ కలిపితే ఇప్పటి 3 లక్షల 10 వేలు సరిపోతుంది. ఇలా అంకెలు తిరిగి కలవాలి. కలవలేదంటే ఎక్కడో ఒక లోను రెండుసార్లు లెక్కపెట్టారు, లేదా వేరే సెంటర్‌కి మారిన లోను వదిలేశారు.

రైటాఫ్ జరగనట్టు లెక్కేసి కూడా చూశాడు. లక్షల్లో ఇలా వస్తుంది:

```
(3.10 + 1.80) / (148 + 1.80) = 3.27%
```

అంటే నిజాయితీగా చెప్పాల్సిన మాట "6.2 నుంచి 2.1" కాదు, "రైటాఫ్ కలిపి చూసినా 6.2 నుంచి 3.3". అంకె చిన్నబోయిందని అతను బాధపడ్డాడు. నేను మాత్రం సంతోషించాను. ఎందుకంటే ఈ 3.3ని ఎవరూ కదపలేరు. 2.1 రాసి ఉంటే ఒక్క ప్రశ్నతో పడిపోయేది, దాంతోపాటు మిగతా లైన్లన్నిటి మీదా అనుమానం వచ్చేది.

ఇంకొకటి జత చేయాలి. అదే కాలంలో మిగిలిన బ్రాంచి ఎలా ఉంది? 2024-25లో దేశమంతా మైక్రోఫైనాన్స్‌లో బకాయిలు పెరిగాయి, అందరికీ తెలిసిందే. ఇతని సెంటర్లు తీసేసి చూస్తే, బ్రాంచిలో మిగిలిన సెంటర్ల పార్ 3.6 నుంచి 5.4కి పెరిగింది. అందరిదీ పెరుగుతున్నప్పుడు ఇతనిది తగ్గింది. అయితే ఈ పోలిక రాసేటప్పుడు తోటి ఆఫీసర్ల పేర్లు రాయొద్దు. రేపు మీరు వాళ్లతో పని చేయించాల్సినవాళ్లు. "మిగిలిన బ్రాంచి" అంటే చాలు.

మూడో పని: ఎలా జరిగిందో, అందులో మీ వంతు ఎంతో రెండు వాక్యాల్లో చెప్పండి

అంకె ఒక్కటే ఉంటే అదృష్టమనుకోవచ్చు. కారణం ఉంటే, ఇంకో బ్రాంచిలో కూడా చేయగలడని నమ్మకం వస్తుంది. కుర్రాణ్ని అడిగితే ముందు "గట్టిగా తిరిగాను సర్" అన్నాడు. గట్టిగా తిరగడం అందరూ చేసేదే. ఇంకా తవ్వితే రెండు విషయాలు బయటపడ్డాయి.

పాత ఆఫీసర్ నాలుగు సెంటర్ల మీటింగు సరిగ్గా సంత రోజున పెట్టాడు. ఆడవాళ్లు తెల్లారకముందే గంపలెత్తుకుని వెళ్లిపోయేవాళ్లు. ఇతను మీటింగుని సంత మర్నాటికి మార్పించాడు. చేతిలో డబ్బులుండే రోజది. రెండోది, ఏడు సెంటర్లలో మగవాళ్లు కూలి పనులకి బయటి రాష్ట్రాలకి వెళ్తుంటారు, డబ్బు పంపితేనే ఇక్కడ వాయిదా. ఎవరింట్లో ఎవరు, ఎప్పుడు వెళ్తారో, ఎప్పుడు డబ్బు పంపుతారో ఒక నోటుపుస్తకంలో రాసుకుని, వెళ్లే ముందే వాళ్లతో మాట్లాడాడు. పత్తి అమ్ముడుపోయే నెలల్లో పాత బకాయిల ఇళ్లకి వెళ్లాడు, ఎండాకాలం చేతిలో ఏమీ లేనప్పుడు పోలేదు.

ఈ రెండూ పేజీలోకి ఎక్కాయి. సంత రోజు మార్చడానికి బ్రాంచ్ మేనేజర్ అనుమతి కావాల్సి వచ్చింది, అది కూడా రాయించాను: "మార్పు నేను సూచించాను, బీఎం గారు అనుమతించారు." మన ఇళ్లల్లో సొంత గొప్ప చెప్పుకోకూడదని పెంచుతారు. అందుకని "మేము చేశాం", "బ్రాంచి చేసింది" అని రాసేస్తాం. చదివేవాడికి మీరు చేసిందేమిటో తెలియదు. మరీ తెగించినవాళ్లు అందరి పనీ తమదేనని రాస్తారు, అది ఒక్క ఫోన్‌తో బయటపడుతుంది. ఎవరి వంతు వారికి రాసి, మీ వంతు దగ్గర "నేను" అని రాయడానికి సిగ్గుపడకండి.

నాలుగో పని: మిగతా లైన్లు, వాటిలో ఖాళీ లైను

రెండో అంశం, కొత్తవాళ్లకి నేర్పడం. ఇతనితో ఇద్దరు కొత్త ఆఫీసర్లని ఆరేసి వారాలు తిప్పారు. ఒకరు ఐదు నెలలకే మానేశారు. ఇంకొకరు 14 నెలలుగా ఉన్నారు, సొంతంగా 22 సెంటర్లు చూస్తున్నారు. మానేసినతని సంగతి వదిలేద్దామన్నాడు కుర్రాడు. వద్దన్నాను. ఈ ఉద్యోగంలో మానేయడం ఎంత మామూలో పైవాళ్లకి తెలుసు. ఇద్దరిలో ఒకరు నిలిచారని రాస్తే తప్పుపట్టరు. ఒక్కరికే నేర్పినట్టు రాసి, రెండో పేరు రికార్డులో కనిపిస్తే మాత్రం అడుగుతారు.

మూడోది, ఆడిట్. అతని సెంటర్ల ఫైళ్ల మీద వచ్చిన అభ్యంతరాలు ఒక ఏడాది 9, మరుసటి ఏడాది 2. ఆ తొమ్మిదిలో ఆరు, ఇంటికెళ్లి ఆదాయం చూసిన ఫారంలో తేదీ వేయకపోవడం గురించి. అతను ఆ ఫారాన్ని ఇంటి గుమ్మంలోనే నింపడం అలవాటు చేసుకున్నాడు, అంతే. మేనేజర్ సెలవులో ఉన్నప్పుడు నాలుగు విడతల్లో 17 రోజులు పొద్దుటి మీటింగు, రూట్లు ఇతనే చూశాడు. ఆ రోజుల్లో ఏ సెంటరూ ఆగలేదు. రెండు మూడు వాక్యాల్లో అయిపోయింది.

నాలుగోది, క్యాష్, డే ఎండ్. ఇక్కడ రాయడానికి ఏమీ లేదు. మేనేజర్ లేని రోజు పక్క బ్రాంచి నుంచి వేరే ఏబీఎం వచ్చి సేఫ్ తాళం, క్యాష్ లెక్క చూసుకునేవారు. ఇతను తన కలెక్షన్ అప్పజెప్పడమే తప్ప, బ్రాంచి మొత్తం క్యాష్ ఎన్నడూ తాళం వేయలేదు.

ఇలాంటి లైను ప్రతివాళ్లకీ ఒకటుంటుంది. దాన్ని వదిలేయాలనిపిస్తుంది, లేదా ఏదో ఒక మాటతో నింపాలనిపిస్తుంది. "క్యాష్ నిర్వహణపై అవగాహన ఉంది" అని రాసుకొచ్చాడు కుర్రాడు. కొట్టేయించాను. ఆ చోట ఇలా రాశాం: "బ్రాంచి డే ఎండ్ ఇప్పటివరకు చేయలేదు. ఏప్రిల్ నుంచి జూన్ వరకు వారానికి రెండు రోజులు బీఎం గారి పర్యవేక్షణలో చేయడానికి అనుమతి కోరుతున్నాను." లోపం చెప్పినట్టే ఉంటుంది, కానీ మేనేజర్‌కి తన వంతుగా చేయడానికి ఒక చిన్న పని దొరికింది. "చూద్దాంలే" అనడం కంటే "సరే, మంగళ, శుక్రవారాలు రా" అనడం ఆయనకి తేలిక.

అయితే ఒక హద్దు ఉంది. నాలుగింట్లో ఒకటి ఖాళీగా ఉంటే ఇలా నడుస్తుంది. రెండు ఖాళీగా ఉంటే ఈ ఏడాది అడగడం తొందరే. అప్పుడు పేజీని ప్రమోషన్ కోసం కాకుండా, ఆ రెండు పనులు అడిగి తీసుకోవడానికి వాడండి.

ఐదో పని: ఒక్క పేజీలో పెట్టండి

పేజీ పైన ఒకే వాక్యం: ఏ పోస్టు, ఎప్పటినుంచి. కింద నాలుగు వరసలు. ఎడమ పక్క నోటీసులో ఉన్న మాటలే, మీ సొంత మాటలు కాదు. చదివేవాడు తన ఫారంతో పోల్చుకుంటాడు కదా. మధ్యలో ఫలితం. కుడి పక్క రుజువు ఎక్కడుందో. కుర్రాడి మొదటి వరస చివరికి ఇలా తయారైంది:

*ఆశించేది:* పోర్ట్‌ఫోలియో నాణ్యత కాపాడటం, బకాయిల వసూలు.

*ఫలితం:* 2023 ఏప్రిల్‌లో తీసుకున్న 28 సెంటర్లలో పార్ 30, 6.2 శాతం. 2025 మార్చికి 2.1 శాతం, 1.80 లక్షల రైటాఫ్ కలిపితే 3.3 శాతం. మిగిలిన బ్రాంచి అదే కాలంలో 3.6 నుంచి 5.4. పాత బకాయి లోన్లు 6.94 లక్షల్లో 3.40 లక్షలవి సరయ్యాయి. నాలుగు సెంటర్ల మీటింగు సంత మర్నాటికి మార్చడం నేను సూచించాను, బీఎం గారు అనుమతించారు. వలస వెళ్లే ఇళ్ల వాయిదాలు ముందే మాట్లాడి ఖాయం చేశాను.

*రుజువు:* ఎంఐఎస్ పార్ రిపోర్టు, రెండు తేదీలవి. రైటాఫ్ లిస్టు.

ఎక్కువ లైన్లు పట్టింది ఈ వరసే. మిగతా మూడూ మూడేసి లైన్లకి మించలేదు. అన్నీ సమానంగా నింపాలని సాగదీయొద్దు.

రుజువు దగ్గర రిపోర్టు పేరు, తేదీ రాస్తే చాలు. రిపోర్టుల్ని స్క్రీన్‌షాట్లు తీసి మీ ఫోన్లో పెట్టుకోకండి, వాట్సాప్‌లో పంపకండి. వాటిలో సభ్యుల పేర్లు, ఫోన్ నంబర్లు, లోను వివరాలుంటాయి. ప్రమోషన్ కాగితంతో పాటు డేటా బయటికి తీసినందుకు నోటీసు కూడా వస్తే పరువు పోతుంది. మేనేజర్ కావాలనుకుంటే సిస్టంలో ఆయనే తీసి చూసుకుంటారు.

భాష సంగతి. పనిని మనం తెలుగులో తలుచుకుంటాం, ఒడియాలో చేస్తాం, కాగితం ఇంగ్లీషులో అడుగుతారు. ముందు తెలుగులోనే రాయండి. విషయం సరిగ్గా కుదిరాక చిన్న చిన్న వాక్యాల్లో ఇంగ్లీషులోకి మార్చుకోండి. ఇంటర్నెట్లో దొరికే బరువైన మాటలు తెచ్చి అతికిస్తే మీ అంకెలు వాటికింద పడి కనిపించవు. తప్పుల్లేకుండా చూడమని ఎవరినైనా అడగండి, కొత్తగా రాసివ్వమని మాత్రం అడక్కండి. మీటింగులో ఆ పేజీ మీద ప్రశ్నలొస్తే జవాబు చెప్పాల్సింది మీరే.

ఆరో పని: ఎప్పుడు, ఎలా మాట్లాడాలి

చాలా కంపెనీల్లో అప్రైజల్ మార్చి, ఏప్రిల్‌లో జరుగుతుంది. ఫారం చేతికొచ్చాక అడిగితే ఆలస్యమైనట్టే. వచ్చే ఏడాదికి ఎన్ని పోస్టులు, ఎంత జీతాల ఖర్చు అన్నది అంతకుముందే తయారవుతుంది. డిసెంబరు, జనవరిలో డిసెంబరు వరకున్న అంకెలతో ఒకసారి మాట్లాడి, మార్చి ముగిశాక కొత్త అంకెలు పెట్టి మళ్లీ ఇవ్వండి. మా కుర్రాడు అలాగే చేశాడు.

నెల చివరి వారంలో అడక్కండి. కలెక్షన్ ముగింపులో ఏ మేనేజర్‌కీ చెవులుండవు. నెల మొదట్లో, క్యాష్ లెక్క అయిపోయిన సాయంత్రం మంచిది. ముందు రోజు చిన్న మెసేజ్ చాలు: "సర్, ఏబీఎం పోస్టు గురించి మీతో ఇరవై నిమిషాలు మాట్లాడాలి. ఒక పేజీ రాశాను, మెయిల్‌లో పంపాను." టీ తాగుతున్నప్పుడు అందరి ముందూ ఎత్తొద్దు.

వెళ్లాక మొత్తం పేజీ చదివి వినిపించనక్కర్లేదు. బలమైన వరస ఒకటి, ఖాళీ వరస ఒకటి చెప్పండి. కుర్రాడు ఇలా మొదలుపెట్టాడు: "సర్, ఏబీఎం నోటీసులో ఉన్న నాలుగింట్లో మూడింటికి నా దగ్గర లెక్కలున్నాయి. క్యాష్ ఒక్కటే లేదు. దానికి మీ సాయం కావాలి." తర్వాత ఆగిపోయాడు. ఆగడం ముఖ్యం. టెన్షన్‌లో మనం ఖాళీ ఉండనివ్వకుండా మాట్లాడుతూ పోతాం, చివరికి "మీ దయ సర్" అనేస్తాం. అంతసేపు చూపించిన లెక్కలు ఆ ఒక్క మాటతో బతిమాలుకోవడంగా మారిపోతాయి.

ఇంటి కష్టాలు, చెల్లి పెళ్లి, పక్కవాడికి ఎప్పుడో ఇచ్చేశారన్న సంగతి కూడా ఆ ఇరవై నిమిషాల్లోకి రానివ్వకండి. అవి నిజమే కావచ్చు. కానీ మేనేజర్ వాటిని పైకి పంపలేరు.

ఆయన చెప్పే జవాబుని బట్టి తర్వాతి మాట ఉంటుంది. "చూద్దాం" అంటే, "ఈ నాలుగింట్లో మీకు ఏది తక్కువగా అనిపిస్తోంది సర్?" అని అడగండి. ఏదైనా ఒకటి చెబితే, అది ఎంతవరకు వస్తే సరిపోతుందో, ఎప్పుడు మళ్లీ చూస్తారో అడగండి. "నువ్వు అర్హుడివే, ఖాళీ లేదు" అంటే అది వేరే సమస్య, మీ పేజీలో లోపం కాదు. అప్పుడు పక్క ఏరియాల్లో ఖాళీ ఉందా, మీ పేరు పంపుతారా అని అడగండి.

అడిగే ముందే ఇంట్లో ఒక విషయం తేల్చుకోండి. ఈ ఉద్యోగంలో ప్రమోషన్‌తో పాటు ట్రాన్స్‌ఫర్ రావడం మామూలు. కోరాపుట్ వైపో, కలహండి వైపో వేస్తే వెళ్తారా? ఫీల్డ్ ఆఫీసర్‌గా వచ్చే కలెక్షన్ ఇన్సెంటివ్ పై పోస్టులో అలాగే ఉంటుందా, జీతంలో కలుస్తుందా, తగ్గుతుందా? మొదటి కొన్ని నెలలు చేతికొచ్చేది తగ్గినవాళ్లని చూశాను. సిఫారసు పైకి వెళ్లాక "ఇంట్లో ఒప్పుకోవట్లేదు సర్" అంటే, తర్వాతిసారి మీ పేరు రాయడానికి ఆ మేనేజర్ చెయ్యి లేవదు.

ఏడో పని: అదే సాయంత్రం రాసి పంపండి

మాట్లాడింది మర్నాటికి సగం మారిపోతుంది. మేనేజర్ కూడా బదిలీ కావచ్చు, మా వైపు తరచుగా జరిగేదే. అందుకని అదే రోజు నాలుగు లైన్ల మెయిల్ పంపండి. కుర్రాడు పంపింది ఇది: "సర్, ఇవాళ సమయం ఇచ్చినందుకు ధన్యవాదాలు. పోర్ట్‌ఫోలియో, శిక్షణ, ఆడిట్ అంశాలు సరిపోతాయని, డే ఎండ్ అనుభవం కావాలని చెప్పారు. ఏప్రిల్ నుంచి మంగళ, శుక్రవారాల్లో మీ పర్యవేక్షణలో చేస్తాను. జూన్ చివర మళ్లీ చూద్దామన్నారు. నేను ఏదైనా తప్పుగా అర్థం చేసుకుంటే చెప్పగలరు." చివరి వాక్యం వదలకండి. అది లేకపోతే ఆయన మాటతో ఆయన్నే కట్టేస్తున్నట్టుంటుంది.

ఆ తర్వాత ఏప్రిల్, మే, జూన్ నెలల్లో అతను 25 సాయంత్రాలు డే ఎండ్ చేశాడు. రెండుసార్లు లెక్క తేడా వచ్చింది. ఒకసారి 500, ఒకసారి 120 రూపాయలు. ఐదు వందలది ఒక ఆఫీసర్ రసీదులో అంకె తప్పుగా పడినందుకు, అదే రాత్రి దొరికింది. 120 దొరకలేదు, షార్టేజీగా రాసి మేనేజర్‌తో సంతకం పెట్టించాడు. రెండూ పేజీలో నాలుగో వరసలో రాశాడు. నేను చెప్పకుండానే.

సిఫారసు జులైలో పైకి వెళ్లింది. డివిజన్ నుంచి ఫోన్లో వచ్చిన ప్రశ్న ఒక్కటే, రైటాఫ్ ఎంతని. మేనేజర్ పేజీ చూసి చదివారు. సెప్టెంబరులో బిసంకటక్ వైపు ఒక బ్రాంచికి ఏబీఎంగా వేశారు. ఇల్లు గుణుపురంలోనే ఉంది, శనివారం సాయంత్రం బస్సెక్కుతున్నాడు.